పసిబిడ్డ విరేచనంలో నెత్తురు చార: తల్లిపాలు మాన్పించాలా, తల్లి ఆవుపాలు మానితే చాలా?

చంద్రగిరి నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ నేను అడగకముందే సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది. లోపల మడతపెట్టిన పాత చీర గుడ్డ. విప్పితే ఆవపిండి రంగు విరేచనం, మధ్యలో కోడిగుడ్డు తెల్లసొనలా సాగే జిగురు, ఆ జిగురులో ఎర్ర దారపు పోగుల్లా రెండు నెత్తురు చారలు. పక్కన కూతురు, ఆమె ఒళ్లో ఏడు వారాల పాప. ఇంత గొడవకు కారణమైన ఆ పాప మాత్రం ట్యూబులైటు వంక చూస్తూ కాళ్లు ఆడిస్తోంది.

నా దాకా వచ్చేసరికి ఆ ఇంట్లో నాలుగు సలహాలు తిరుగుతున్నాయి. తల్లిపాలు ‘వేడి చేశాయి’, మాన్పించి మేకపాలు పట్టమని మేనత్త అంది. బంధువుల ఇంట్లో పుంగనూరు ఆవు ఉంది, నాటు ఆవుపాలు పడతాయని తాతయ్య అన్నాడు. మందుల దుకాణంలో లాక్టోజ్ లేని పాలపొడి డబ్బా చేతిలో పెట్టారు. ఇంకొకచోట జిగట విరేచనాలని యాంటీబయాటిక్ చుక్కలు రాసిచ్చారు. ఈ నాలుగూ ఒక్కొక్కటే పరిశీలించి, వాటి బదులు నేనేం చెప్పానో, ఎందుకు చెప్పానో రాస్తాను. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఇంటింటా పాడి ఉంటుంది కాబట్టి పాలు మానమన్న మాట ఇక్కడ ఎంత బరువైనదో నాకు తెలుసు. అందుకే ఆ మాట ఎప్పుడు అనాలో, ఎప్పుడు అనకూడదో కూడా చెబుతాను.

ముందు, ఇది అలర్జీయేనా

నెత్తురు కనబడగానే ఆవుపాల అలర్జీ అనుకోవడం ఇప్పుడు ఎక్కువైంది. ఫిన్లాండ్‌లో మలద్వారం నుంచి నెత్తురు పడిన 40 మంది పసిపిల్లలను జాగ్రత్తగా పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించారు. వారిలో ఆవుపాల అలర్జీ అని తేలినది 18 శాతం మందికే. మిగతావారిలో చాలామందికి నెత్తురు దానంతటదే ఆగిపోయింది. ఈ ఒక్క సంగతి గుర్తున్నా చాలామంది తల్లులకు అనవసరమైన పథ్యం తప్పుతుంది.

నేను మొదట చూసేది గుడ్డను కాదు, బిడ్డను. ఈ పాప పుట్టినప్పుడు 2.8 కిలోలు. ఇప్పుడు 4.3 కిలోలు. అంటే ఏడు వారాల్లో కిలోన్నర, రోజుకు దాదాపు 30 గ్రాములు. పాలు బాగా తాగుతోంది, జ్వరం లేదు, పొట్ట మెత్తగా ఉంది, వాంతులు లేవు. మలద్వారం దగ్గర చర్మం చీలి ఉందేమో వెలుతురులో చూశాను, లేదు. చీలిక ఉంటే సాధారణంగా గట్టి విరేచనం పైన ఎర్రగా అంటుకుని ఉంటుంది, జిగురుతో కలిసి ఉండదు. తల్లి చనుమొనలు పగిలి ఉన్నాయా అని అడిగాను. పగిలితే బిడ్డ మింగిన నెత్తురు తల్లిదే. అది కడుపులోంచి కిందికి వచ్చేసరికి నల్లబడుతుంది. నెత్తురు సరిగా గడ్డకట్టేందుకు పుట్టగానే తొడకు వేసే విటమిన్ కె ఇంజెక్షన్ వేశారా అన్నది తప్పక అడగాల్సిన ప్రశ్న. ఆసుపత్రిలోనే కాన్పు అయింది, కాగితంలో రాసి ఉంది.

ఇవన్నీ సరిగా ఉండి, ఒకటి రెండు వారాల వయసు నుంచి ఆరు నెలల లోపు బిడ్డకు, హుషారుగా ఉంటూనే, జిగురుతో కూడిన నెత్తురు చారలు మళ్లీ మళ్లీ పడితే అప్పుడు పాల ప్రొటీన్ వల్ల పెద్దపేగు చివరి భాగం వాచిందని అనుమానిస్తాం. ఒక్క జిగురు మాత్రమే ఉంటే నేను అనుమానించను. జలుబు చేసిన బిడ్డ చీమిడి మింగినా, చొల్లు కార్చే వయసులోనూ విరేచనంలో జిగురు పడుతుంది. ఆకుపచ్చ విరేచనం కూడా అలర్జీకి గుర్తు కాదు.

కొన్ని గుర్తులుంటే మాత్రం ఈ వ్యాసం పక్కన పెట్టి ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి. బిడ్డ మెలికలు తిరుగుతూ గుక్కపట్టి ఏడ్చి, కాసేపు వాడిపోయి, మళ్లీ ఏడవడం, దాంతోపాటు ముదురు ఎర్రటి జెల్లీలాంటి విరేచనం పడటం పేగులో పేగు దూరుకుపోయినప్పుడు వచ్చే లక్షణం. పచ్చటి పసరు వాంతి, ఉబ్బి గట్టిపడిన పొట్ట, జ్వరం, పాలు తాగకుండా మత్తుగా పడి ఉండటం, చారలు కాకుండా గడ్డలుగా నెత్తురు, ఇవీ అంతే. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే చిన్న చార పడినా వెంటనే చూపించాలి. పాలు పట్టిన రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవులు వాయడం, ఆయాసం వస్తే అది మరో రకం అలర్జీ. పాలు తాగిన ఒకటి నుంచి నాలుగు గంటల్లో ఆగకుండా వాంతులై బిడ్డ పాలిపోయి వాలిపోతే అదీ వేరే జబ్బు, ప్రమాదకరం కూడా. ఆ రెండింటిలోనూ ఇంట్లో ప్రయోగాలు వద్దు.

పరీక్షలు తేల్చనిది

“నెత్తురు పరీక్ష చేసి చెప్పలేరా?” అని ఆ తల్లి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ రకం అలర్జీలో ఐజీఈ అనే యాంటీబాడీ పాత్ర ఉండదు. కాబట్టి ఐజీఈ రక్తపరీక్ష, చర్మం మీద గుచ్చి చూసే పరీక్ష రెండూ మామూలుగానే వస్తాయి. అవి మామూలుగా వచ్చాయని అలర్జీ లేదనుకోవడానికీ లేదు.

మల పరీక్ష ఇంకా చిక్కుల్లో పడేస్తుంది. అలర్జీతో వాచిన పేగు నుంచి కూడా తెల్లకణాలు పడతాయి. నివేదికలో ‘పస్ సెల్స్’ అని రాగానే ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయాటిక్ మొదలవుతుంది. ఈ పాపకు చుక్కలు రాసింది అందుకే. జ్వరం లేక, విరేచనాల సంఖ్య పెరగక, హుషారుగా ఉన్న బిడ్డకు వాటి అవసరం కనబడలేదు, ఆపించాను. అలాగే తల్లిపాలు తాగే బిడ్డ మలంలో చక్కెర ఛాయలు కనబడటం సహజం. దాన్ని చూసి ‘లాక్టోజ్ పడలేదు’ అనేస్తారు. మందుల దుకాణంలో ఆ డబ్బా చేతికొచ్చిన దారి అది. కంటికి కనబడని నెత్తురును పట్టే పరీక్ష కూడా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఎందరికో పాజిటివ్ వస్తుంది. నేను రాయను.

కొందరు పేగు నిపుణులు చిన్న గొట్టంతో లోపల చూసి ముక్క తీసి పరీక్షిస్తారు. నెత్తురు ఎక్కువగా పడుతున్నా, బిడ్డ బరువు పెరగకపోయినా, పథ్యానికి లొంగకపోయినా అది అవసరమవుతుంది. బాగా పెరుగుతున్న బిడ్డకు మొదటి అడుగుగా అక్కర్లేదు. ఇక్కడ అసలు పరీక్ష ఒక్కటే. పాల ప్రొటీన్ తీసేసి చూడటం, తగ్గితే మళ్లీ ఇచ్చి చూడటం. మొదటి సగం అందరూ చేస్తారు. రెండో సగం దాదాపు ఎవరూ చేయరు.

జంతువు మారిస్తే, చక్కెర తీసేస్తే

ఇప్పుడు ఇంట్లోవాళ్ల సలహాల దగ్గరికి వద్దాం. ఈ జబ్బులో నేరస్థులు పాలలోని ప్రొటీన్లు. ముఖ్యంగా కేసీన్, బీటా లాక్టోగ్లోబ్యులిన్. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌కు ఇందులో పాత్ర లేదు. తల్లిపాలలో ఆవుపాలలో కంటే ఎక్కువ లాక్టోజ్ ఉంటుంది, పుట్టుకతోనే దాన్ని అరిగించుకోలేని బిడ్డ అత్యంత అరుదు. లాక్టోజ్ లేని మామూలు పాలపొడిలో చక్కెర మారుతుంది, పాల ప్రొటీన్ మొత్తం అలాగే ఉంటుంది. అందుకే ఆ డబ్బా ఇక్కడ దండగ. నెత్తురు ఆగకపోగా, ‘ఏ పాలూ పడటం లేదు’ అన్న కంగారు ఒకటి అదనం.

మేకపాలు, గేదెపాలు అంటారా, వాటి ప్రొటీన్లు ఆవుపాల ప్రొటీన్లకు ఎంత దగ్గరి చుట్టాలంటే ఒకటి పడని బిడ్డలో అత్యధికులకు మిగతావీ పడవు. పుంగనూరు ఆవు విషయంలో తాతయ్య కొంచెం నొచ్చుకున్నాడు. మన జిల్లా ఆవు, తోక నేలను తాకేంత పొట్టి ఆవు, దాని పాల వెన్న గురించి నాకూ గర్వమే. నాటు ఆవుల్లో ఎక్కువగా ఉండే ఏ2 రకం కేసీన్‌కూ ఏ1 రకానికీ తేడా ఒక్క అమైనో ఆమ్లం. మిగతా కేసీన్లు, బీటా లాక్టోగ్లోబ్యులిన్ అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. అలర్జీ ఉన్న బిడ్డకు ఆ తేడా ఏ రక్షణా ఇవ్వదు. మరగకాచినా కేసీన్ పోదు. పైగా ఏడాది లోపు ఏ జంతువు పాలైనా నేరుగా తాగిస్తే, అలర్జీ లేని బిడ్డకు కూడా పేగులోంచి కొంచెం కొంచెంగా నెత్తురు పోయి, ఇనుము తగ్గి రక్తహీనత రావచ్చు. కాబట్టి ఈ సలహాలు రెండూ పక్కన పెట్టేశాం.

ఇక మిగిలినవి మూడు దారులు: ఏమీ మార్చకుండా కొన్నాళ్లు చూడటం, తల్లి పాల పదార్థాలు మానడం, ప్రత్యేక ఫార్ములా పట్టడం.

వేచి చూడటమా, తల్లి మానడమా

తల్లి తాగిన పాలలోని ప్రొటీన్ చాలా కొద్ది మోతాదులో ఆమె పాలలోకి చేరుతుంది. ఆ కొద్దికే కొందరు బిడ్డల పేగు వాస్తుంది. అయితే బిడ్డ బాగా పెరుగుతూ, చారలు చిన్నవై, అప్పుడొకటి ఇప్పుడొకటి పడుతుంటే, ఏమీ మార్చకుండా రెండు వారాలు, అవసరమైతే నెల వరకు చూడటం కూడా వైద్యమే. వారానికోసారి బరువు చూసుకోవాలి, గుర్తు కోసం ఫొటోలు తీసి పెట్టుకోవాలి. ఇది నిర్లక్ష్యం కాదని ఇంట్లో పెద్దవాళ్లకు ఒప్పించి చెప్పడం నా వృత్తిలో కష్టమైన పనుల్లో ఒకటి.

రోజూ నెత్తురు పడుతుంటే, చారలు పెరుగుతుంటే, బిడ్డ పాలు తాగేటప్పుడు ఒళ్లు విరుచుకుని ఏడుస్తుంటే, ఒంటి మీద పొడిబారి దురదపెట్టే ఎగ్జిమా మచ్చలు కూడా ఉంటే నేను రెండో దారికి వెళ్తాను. తల్లి పాల పదార్థాలు మాత్రమే మానుతుంది, బిడ్డ తల్లిపాలు మానదు. ఈ రెండు మాటలూ వినడానికి ఒకేలా ఉండి ఎన్నో ఇళ్లలో తారుమారవుతాయి. అందుకే కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిస్తాను.

చంద్రగిరి పాప విషయంలో మధ్యలో ఒక మెట్టు ఉంది. అడగ్గా అడగ్గా తెలిసింది, రాత్రి తల్లికి నిద్ర ఉంటుందని రెండు వారాలుగా పడుకునే ముందు 60 మిల్లీలీటర్ల డబ్బా పాలు పడుతున్నారు. నెత్తురు మొదలై పది రోజులు. తల్లిపాల ద్వారా వచ్చే ఛాయలతో పోలిస్తే ఆ సీసాలో ఉన్నది ఎన్నో రెట్లు. కాబట్టి మొదట ఆ ఒక్క సీసా ఆపమన్నాను, తల్లి తిండి ముట్టుకోలేదు. చాలామంది బిడ్డలకు ఇంతటితోనే ఆగిపోతుంది. ఈ పాపకు చారలు తగ్గాయి గానీ వారం గడిచినా ఆగలేదు. అప్పుడు తల్లి పథ్యం మొదలుపెట్టాం.

మానడమంటే ఏమేమి

పాలు, పెరుగు, మజ్జిగ, వెన్న, పనీరు, కోవా, ఐస్‌క్రీమ్ మానాలని అందరికీ తెలుస్తుంది. నెయ్యి దగ్గర వాదన వస్తుంది. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే, ప్రొటీన్ ఛాయలే మిగులుతాయి. చాలామంది బిడ్డలు దాన్ని తట్టుకుంటారు కూడా. అయినా పరీక్ష నడిచే ఆ రెండు నుంచి నాలుగు వారాలు నెయ్యి కూడా వద్దంటాను, ఫలితం సందిగ్ధంగా రాకూడదు కదా. కొండ మీది లడ్డూ కూడా నెయ్యితోనే అవుతుంది కాబట్టి, ప్రసాదం కళ్లకద్దుకుని ఇంట్లో మిగతావాళ్లకు పెట్టమన్నాను. అమ్మమ్మ కాస్త ఆలోచించి, “నాలుగు వారాలకు స్వామి ఏమీ అనుకోడులే” అంది.

అసలు దొంగలు పొట్లాల్లో ఉంటారు. బిస్కెట్లు, రస్కులు, బ్రెడ్డు, చాక్లెట్లు, బాలింతలకు కొనిచ్చే ప్రొటీన్ పొడులు, ఆరోగ్య పానీయాలు. పొట్లం మీద మిల్క్ సాలిడ్స్, వే, కేసినేట్ అన్న మాటల్లో ఏది కనబడినా పక్కన పెట్టాలి. మన దేశంలో అలర్జీ కలిగించే పదార్థాలను పొట్లం మీద విడిగా పేర్కొనాలన్న నిబంధన ఉంది, ఆ వరుసలో ‘పాలు’ ఉందేమో చూస్తే సరిపోతుంది.

పాలతో పాటు గుడ్లు, గోధుమలు, వేరుశనగ, పప్పులు, వంకాయ, చేప అన్నీ ఒకేసారి మాన్పించడం పెద్ద తప్పు. బాలింతకు అప్పటికే ఇంట్లో సగం కూరలు నిషేధం. పైనుంచి వైద్యులు ఇంకో సగం తీసేస్తే ఆమె తినేది కారప్పొడి అన్నం. నీరసపడి, పాలు తగ్గి, చివరికి డబ్బాకే చేరుతుంది. పాలు ఒక్కటే మాని నాలుగు వారాలు చూసి, అది పని చేయకపోతేనే తరవాతి అనుమానం. అప్పుడు సోయా, ఆ పైన గుడ్డు, ఒకటొకటిగా.

పాలు తాగకపోతే తల్లికి పాలెలా పడతాయి అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. గడ్డి మేసే ఆవు పాలు తాగి పాలివ్వడం లేదు కదా అంటే నవ్వుతారు, నమ్ముతారు. పాలు పడేది బిడ్డ ఎన్నిసార్లు చీకితే అంత, తల్లి కడుపు నిండా తింటే అంత. లోటు వచ్చేది కాల్షియానికి. పాలిచ్చే తల్లికి రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలని మన జాతీయ పోషకాహార సంస్థ లెక్క. వంద గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాములు ఉంటుంది. మన ప్రాంతంలో రాగి సంగటి చేయడం ఎవరికీ నేర్పక్కర్లేదు. దానికి మునగాకు పప్పు, నువ్వుల పొడి తోడైతే ఇంకొంత చేరుతుంది. ఆకుకూరల్లోది మొత్తం ఒంటికి పట్టదు కాబట్టి తిండి మీదే భారం వేయకుండా 500 మిల్లీగ్రాముల కాల్షియం మాత్ర రోజుకు రెండుసార్లు, విటమిన్ డితో కలిపి రాస్తాను. మాంసం, గుడ్డు తినేవాళ్లు నిక్షేపంగా తినవచ్చు.

ఈ తల్లికి పథ్యం మొదలైన నాలుగో రోజుకు నెత్తురు ఆగింది. మామూలుగా మూడు నాలుగు రోజుల నుంచి రెండు వారాల లోపు తేడా తెలుస్తుంది. తొమ్మిదో రోజు మళ్లీ ఒక చార. ఫోనులో ఆమె గొంతు వణుకుతోంది. ఏమేం తిన్నావో నిన్నటినుంచి వెనక్కి చెప్పమ్మా అన్నాను. సంగటి, పప్పు, చెనిక్కాయ చట్నీ, రాత్రి రాగి మాల్ట్. మాల్ట్ నీళ్లతోనే కలుపుకుంది. పొడి మాత్రం కొన్నది. డబ్బా వెనక చదవమంటే మూడో పదార్థం పాలపొడి. ఇంట్లో రాగులు మొలకెత్తించి చేసుకున్న పొడికి మార్చింది, చార మళ్లీ కనబడలేదు.

మళ్లీ ఇచ్చి చూడటం

మూడు వారాలు శుభ్రంగా గడిచాక, పాలు పెరుగు మళ్లీ మొదలుపెట్టమన్నాను. అత్తగారు, అమ్మ ఇద్దరూ అడ్డుపడ్డారు. తగ్గిన బిడ్డను మళ్లీ ఎందుకు కష్టపెట్టడం అని. నా జవాబు సూటిది: నెత్తురు ఆగింది పథ్యం వల్లనా, దానంతటదే ఆగే రోజు వచ్చిందా అన్నది ఇంకే దారిలోనూ తెలియదు. తెలుసుకోకపోతే ఈ తల్లి నెలల తరబడి పెరుగన్నం లేకుండా ఉండాలి, బిడ్డ మీద ‘పాల అలర్జీ’ అన్న ముద్ర పడి అంగన్‌వాడీ దాకా వెంట వస్తుంది. చార మళ్లీ పడినా దానివల్ల బిడ్డకు హాని ఉండదు, ఆపితే మళ్లీ తగ్గుతుంది.

పద్ధతి సులువు. తల్లి రోజూ ఒక గ్లాసు పాలు, ఒక గిన్నె పెరుగు వారం పాటు మానకుండా తీసుకుంటుంది. ప్రతి విరేచనమూ చూస్తారు. అనుమానం ఉన్నదానికి ఫొటో. డబ్బా పాల మీద ఉన్న బిడ్డకైతే, ప్రత్యేక ఫార్ములా సీసాలో మొదటిరోజు 30 మిల్లీలీటర్లు మామూలు ఫార్ములా కలిపి, రోజుకు 30 చొప్పున పెంచుతూ ఆ ఒక్క సీసా పూర్తిగా మారేదాకా వెళ్తాం. దద్దుర్లు, ఆగని వాంతులు ఎప్పుడైనా వచ్చిన బిడ్డకు మాత్రం ఇది ఆసుపత్రిలోనే జరగాలి.

వారం గడిచినా ఏమీ కాకపోతే అలర్జీ కాదు, కథ అక్కడితో సమాప్తం. తల్లి అన్నీ తినవచ్చు. ఈ పాపకు మూడోరోజు జిగురు, నాలుగోరోజు చార వచ్చాయి. అలర్జీ ఖాయమైంది. తల్లి మళ్లీ మానింది, ఈసారి అనుమానం లేకుండా.

ఫార్ములా తప్పనిసరి అయినప్పుడు

తల్లి పాలివ్వలేని పరిస్థితి ఉన్న బిడ్డలకు, అప్పటికే పూర్తిగా డబ్బా పాల మీద ఉన్నవాళ్లకు లెక్క వేరు. మొదటి ఎంపిక ఎక్స్‌టెన్సివ్‌లీ హైడ్రొలైజ్డ్ ఫార్ములా. ఆవుపాల ప్రొటీన్‌ను పేగు గుర్తుపట్టలేనంత చిన్న ముక్కలుగా కోసిన పొడి అనుకోండి. అలర్జీ ఉన్నవారిలో పదిమందిలో తొమ్మిదిమందికి ఇది సరిపోతుంది. ‘పార్షియల్లీ హైడ్రొలైజ్డ్’ అని రాసి ఉన్నది, ‘సులువుగా అరుగుతుంది’ అని అమ్మేది ఇది కాదు. అందులో ముక్కలు పెద్దవి, అలర్జీకి పనికిరాదు. డబ్బా కొనేముందు ఆ ఒక్క మాట సరిచూసుకోండి.

రెండోది అమైనో యాసిడ్ ఫార్ములా. ఇందులో పాల ప్రొటీన్ ముక్కలు కూడా ఉండవు. మొదటి రకానికి రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గనివారికి, బరువు పెరగక చిక్కిపోయినవారికి, తీవ్రమైన అలర్జీ ప్రతిక్రియ వచ్చినవారికి ఇది. ధర మొదటిదానికంటే బాగా ఎక్కువ. చిన్న చార పడిన బొద్దు బిడ్డకు నేరుగా ఇది రాయడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం.

ఖర్చు ఇలా వేసుకోండి. అయిదు కిలోల బిడ్డ కిలోకు 150 చొప్పున రోజుకు 750 మిల్లీలీటర్లు తాగుతుంది. దానికి పొడి దాదాపు వంద గ్రాములు. అంటే 400 గ్రాముల డబ్బా నాలుగు రోజులు, నెలకు ఏడెనిమిది డబ్బాలు. దుకాణంలో డబ్బా ధర అడిగి ఎనిమిదితో హెచ్చించి, ఆరు నెలలు కొనగలమా అని ఆలోచించాకే మొదలుపెట్టండి. సగంలో డబ్బు చాలక పొడి పలచన చేసి పట్టిన ఇళ్లను నేను చూశాను. నెత్తురు ఆగింది గానీ బిడ్డ ఎండిపోయింది. తల్లిపాలు కొద్దిగానైనా ఉంటే వాటిని నిలబెట్టి పెంచుకోవడం వైపు నేనెప్పుడూ మొగ్గడానికి ఈ లెక్క కూడా ఒక కారణం.

ఈ పొడులు చేదుగా, వాసనగా ఉంటాయి. రెండు మూడు నెలల లోపు బిడ్డలు పెద్దగా పట్టించుకోరు, పెద్దవాళ్లు ఉమ్మేస్తారు. నాలుగైదు రోజుల్లో కొంచెం కొంచెంగా పాత పాలలో కలుపుతూ మార్చాలి. విరేచనం ముదురు ఆకుపచ్చగా మారితే కంగారు వద్దు, అది పొడి లక్షణమే.

సోయా ఫార్ములా చవక, తేలిగ్గా దొరుకుతుంది. ఆరు నెలల లోపు బిడ్డకు నేను రాయను. పేగులో ఈ రకం అలర్జీ ఉన్న కొందరికి సోయా కూడా పడదు. ఆరు నెలలు దాటి, హైడ్రొలైజ్డ్ ఫార్ములా కొనే స్తోమత లేని ఇంట్లో, పడుతుందో లేదో చూసుకుంటూ వాడవచ్చు. కొబ్బరిపాలు, బాదంపాలు, బియ్యం గంజి పాలకు బదులు కావు. వాటిలో ప్రొటీన్ చాలదు.

ఇంకో మాట. మన దేశంలో 1992 నాటి చట్టం ప్రకారం పసిపిల్లల పాలపొడికి ప్రకటన ఇవ్వకూడదు, ఉచిత నమూనాలు పంచకూడదు. ఎవరైనా మీ చేతిలో ఊరికే డబ్బా పెడితే, ఎందుకు పెట్టారో ఒకసారి ఆలోచించండి.

ఆరో నెల, ఆ తరవాత

అలర్జీ ఖాయమైన బిడ్డకు పథ్యం సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసు దాకా, కనీసం ఆరు నెలలు నడుస్తుంది. ఈ రకం అలర్జీ ఏడాది నిండేసరికి ఎక్కువమందికి పోతుంది. మధ్యలో బరువు, ఒకసారి హిమోగ్లోబిన్ చూస్తే చాలు.

అన్నప్రాశనకు పాయసం వద్దన్నందుకు చంద్రగిరి ఇంట్లో చిన్న రభస అయింది. మెత్తగా ఉడికిన అన్నంలో బెల్లం నీళ్లు కలిపి వెండి గిన్నెలో పెట్టారు. ఆ తరవాత పాలు లేని రాగి జావ, కందికట్టు అన్నం, అరటిపండు, గుడ్డు సొన. డబ్బాల్లో వచ్చే సీరియల్ పొడుల్లో చాలావాటిలో పాలపొడి ఉంటుంది, వాటి జోలికి పోలేదు.

పదో నెలలో మెట్లెక్కడం మొదలుపెట్టాం. ముందు తల్లి తాను పాలు, పెరుగు తీసుకుంది, పదిరోజులు ఏమీ కాలేదు. తరవాత పాపకు నేరుగా, పాలు కలిపి కాల్చిన బిస్కెట్ పావు ముక్క, నాలుగు రోజులకు సగం, ఆపైన మొత్తం. ఎక్కువ వేడిలో పిండితో కలిసి కాలిన పాల ప్రొటీన్‌ను పేగు తేలిగ్గా ఒప్పుకుంటుంది కాబట్టి అక్కడ మొదలు. అది దాటాక పాలు పోసి ఉడికించిన జావ, చివరికి పెరుగు ఒక చెంచా. ప్రతి మెట్టు దగ్గర ఆరేడు రోజులు ఆగాం. చార కనబడితే ఒక మెట్టు దిగి, నెల రెండు నెలలు ఆగి మళ్లీ ఎక్కాలని చెప్పి ఉంచాను.

ఆ అవసరం పడలేదు. పదకొండో నెల చివర అమ్మమ్మ మళ్లీ వచ్చింది. ఈసారి సంచిలోంచి స్టీలు డబ్బా తీసింది. అడుగున మిగిలిన పెరుగన్నం పాప బుగ్గల మీద కూడా ఎండి ఉంది. ఆ పెరుగు పుంగనూరు ఆవుదేనని తాతయ్య చెప్పమన్నాడట.